నామినీ అంటే వారసురాలు కాదు

వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో హక్కుల గురించి సమావేశాలు జరిగినప్పుడు భూమి గురించి, ఇంటి గురించి, భరణం గురించి చాలా మాట్లాడుకుంటాం. బ్యాంకు పుస్తకం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. సొంత సంపాదన మీద ఒంటరిగా బతుకుతున్న స్త్రీలను "మీ తదనంతరం ఈ డబ్బు ఎవరికి చెందుతుంది?" అని నేను అడుగుతుంటాను. ఎక్కువమంది ఒకే రకంగా జవాబు చెబుతారు. "చెల్లెలి పేరు నామినీగా రాయించాను కదా" అంటారు. "అక్క కూతురి పేరు పెట్టాను" అంటారు. ఫారం మీద పేరు రాశాం కాబట్టి విషయం తేలిపోయిందని వారి ధీమా.

తేలిపోలేదు. చట్టం దృష్టిలో నామినీ అంటే డబ్బును అందుకునే మనిషి మాత్రమే. ఆ డబ్బు చివరికి ఎవరి సొంతమనేది నామినేషన్ ఫారం చెప్పదు. వీలునామా ఉంటే వీలునామా చెబుతుంది, లేకపోతే వారసత్వ చట్టం చెబుతుంది. ఈ తేడా స్త్రీపురుషులిద్దరికీ ఉన్నదే. కానీ భర్త పోయిన స్త్రీకి, భర్త వదిలేసిన స్త్రీకి, పిల్లలు లేని స్త్రీకి దీనివల్ల జరిగే నష్టం వేరు. ఆమె జీవితమంతా కూడబెట్టిన డబ్బు ఆమెను వెళ్లగొట్టిన ఇంటికే చేరవచ్చు. అలా జరిగింది కూడా.

ముందుగా నామినీ అనే ఏర్పాటు ఎందుకు వచ్చిందో చూద్దాం. ఖాతాదారు చనిపోతే బ్యాంకు ఆ డబ్బు ఎవరికివ్వాలి? వారసులెవరో తేల్చే పని బ్యాంకుది కాదు. తప్పు మనిషికిస్తే అసలు వారసులు బ్యాంకు మీద కేసు వేస్తారు. ఈ చిక్కు లేకుండా, ఖాతాదారు ముందే రాసిచ్చిన మనిషికి డబ్బు ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత అంతటితో తీరిపోయినట్టేనని చట్టం చెప్పింది. బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 45 జెడ్ఎ సెక్షన్ సారాంశం ఇదే. అదే సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతుంది: ఆ డబ్బు మీద ఇతరులకు హక్కు ఉంటే, అది డబ్బు తీసుకున్న నామినీ మీద అలాగే నిలిచి ఉంటుంది. అంటే నామినేషన్ రక్షించేది బ్యాంకును. నామినీని కాదు.

ఈ సంగతిని సుప్రీంకోర్టు 1983 డిసెంబరులో శర్బతీ దేవి కేసులో స్పష్టం చేసింది. జగ్‌మోహన్ స్వరూప్ అనే ఆయన పదేసి వేల రూపాయలకు రెండు జీవిత బీమా పాలసీలు తీసుకుని, రెండింటికీ భార్య ఉషాదేవిని నామినీగా రాశాడు. 1967లో వీలునామా లేకుండా చనిపోయాడు. తల్లి శర్బతీ దేవి, చిన్న కొడుకు, భార్య మిగిలారు. నామినీని నేను కాబట్టి మొత్తం నాదేనని భార్య వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. నామినీకి ఉన్నది డబ్బు అందుకునే అధికారమేనని, ఆ డబ్బు హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురికీ మూడో వంతు చొప్పున చెందుతుందని తీర్పు చెప్పింది. 2000లో పోస్టాఫీసు జాతీయ పొదుపు పత్రాల విషయంలోనూ ఇదే మాట చెప్పింది. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో మాత్రం నామినీయే యజమాని అవుతారన్న వాదన కొంతకాలం నడిచింది. 2023 డిసెంబరు 14న శక్తి యజ్దానీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కూడా తోసిపుచ్చింది. అక్కడా నామినీ వారసుల తరఫున పట్టుకుని ఉండే మనిషే.

బీమా చట్టంలో 2015లో ఒక మార్పు వచ్చింది. పాలసీదారు తన తల్లిదండ్రులను, భర్తను లేదా భార్యను, పిల్లలను నామినీగా రాస్తే ఆ సొమ్ము అనుభవించే హక్కు కూడా వారిదేనని అందులో ఉంది. ఈ మార్పు వారసత్వ చట్టాన్ని కూడా దాటిపోతుందా అన్నదాని మీద హైకోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. మనకు ముఖ్యమైనది మరొకటి: ఆ జాబితాలో అక్కచెల్లెళ్లు లేరు, అన్నదమ్ములు లేరు, మేనకోడళ్లు లేరు. ఒంటరి స్త్రీలు నామినీలుగా రాసేది సరిగ్గా వీళ్లనే.

ఇక వీలునామా లేకపోతే చట్టం ఎవరి వైపు చూస్తుంది? హిందూ స్త్రీకి సంబంధించి 1956 హిందూ వారసత్వ చట్టంలోని 15వ సెక్షన్ వరుస చెబుతుంది. మొదట పిల్లలు, భర్త. వారు లేకపోతే రెండవ వరుసలో భర్త వారసులు. వారు కూడా లేకపోతేనే ఆమె తల్లిదండ్రులు. ఆ తరువాతే తండ్రి వారసులుగా ఆమె అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు. ఆమెను కని పెంచిన తల్లి, ఆమె భర్త అన్నదమ్ముల కన్నా వెనుక నిలబడాలి. పురుషుడి విషయంలో ఇలా లేదు. భర్త చనిపోతే అతని తల్లి అతని భార్యాపిల్లలతో పాటు మొదటి వరుసలోనే ఉంటుంది. భార్య పుట్టింటివాళ్లు అతని వారసుల జాబితాలో ఎక్కడా ఉండరు.

ఈ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. పిల్లలు లేని స్త్రీకి తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి తిరిగి తండ్రి వారసులకే వెళుతుంది. కానీ ఆమె ఉద్యోగం చేసి, కూలి చేసి, మిషను కుట్టి సంపాదించినది ఈ మినహాయింపు కిందికి రాదు. నాన్న ఇచ్చిపోయినదైతే పుట్టింటికి వస్తుంది. తన చెమటతో సంపాదించినదైతే అత్తింటికి పోతుంది. ఈ వింతను నారాయణీదేవి కేసు అందరి ముందూ పెట్టింది.

నారాయణీదేవికి 1955లో పెళ్లయింది. మూడు నెలలు తిరగకుండానే భర్త పాము కాటుతో చనిపోయాడు. అత్తింటివాళ్లు ఆమెను ఇంటి నుంచి వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు తీసుకొచ్చి చదివించారు. ఆమె ఉద్యోగం సంపాదించుకుంది. నలభై ఏళ్లపాటు అత్తింటితో సంబంధం లేకుండా బతికి, బ్యాంకు ఖాతాల్లో పెద్ద మొత్తాలు, ప్రావిడెంట్ ఫండ్, ఇతర ఆస్తి మిగిల్చి 1996లో చనిపోయింది. వీలునామా రాయలేదు. తల్లి వారసత్వ ధ్రువపత్రం కోసం కోర్టుకెళ్లింది. నారాయణి ఆడబిడ్డ కొడుకులు కూడా వెళ్లారు. 2009 మేలో సుప్రీంకోర్టు ఆడబిడ్డ కొడుకుల పక్షానే తీర్పు చెప్పింది. ఆమెకు జరిగింది కష్టమైనదే అయినా సానుభూతితో చట్టానికి వేరే అర్థం చెప్పలేమని కోర్టు అంది. నారాయణి ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించి ఉంటే ఆ కేసుకు ఆస్కారమే ఉండేది కాదు.

ఇప్పుడు దీన్ని మన ఊరికి తెచ్చి చూద్దాం. హనుమకొండలో ఒక టీచరు ఉందనుకుందాం. భర్త ఇరవై ఏళ్ల క్రితం వదిలేసి వెళ్లి వేరే ఊళ్లో ఇంకొకరితో కాపురం పెట్టాడు. విడాకులు తీసుకోలేదు. కోర్టుల చుట్టూ తిరగడం ఎందుకని ఈమె ఊరుకుంది. పిల్లలు లేరు. ముసలి తల్లిని చూసుకుంటూ, చెల్లెలి కుటుంబానికి దగ్గరగా ఉంటోంది. ఆమె పేరున బ్యాంకులో ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, మూడు లక్షల బీమా, రెండు లక్షల మ్యూచువల్ ఫండ్, పోస్టాఫీసులో ఒక లక్ష, మొత్తం 12 లక్షలు ఉన్నాయి. నాలుగింటికీ చెల్లెలే నామినీ. ఆమె చనిపోతే ఏమవుతుంది?

చెల్లెలు మరణ ధ్రువపత్రం, తన గుర్తింపు కాగితాలు పట్టుకుని వెళితే బ్యాంకు, బీమా సంస్థ, ఫండ్ సంస్థ, పోస్టాఫీసు డబ్బు ఇచ్చేస్తాయి. ఇక్కడితో పని అయిపోయినట్టే కనబడుతుంది. కొన్ని నెలలకు లాయరు నోటీసు వస్తుంది. విడాకులు కాలేదు కాబట్టి ఆ భర్త చట్టం దృష్టిలో ఇంకా భర్తే. పిల్లలు లేరు కాబట్టి మొదటి వరుసలో ఉన్నది అతనొక్కడే. మొత్తం పన్నెండు లక్షలకూ వారసుడతనే. బ్యాంకుతో అతనికి పని లేదు, బ్యాంకు బాధ్యత తీరిపోయింది. అతను దావా వేసేది చెల్లెలి మీద. ఆమె అప్పటికే తల్లి వైద్యానికో, పిల్లల ఫీజులకో ఆ డబ్బు ఖర్చు పెట్టి ఉంటే తన చేతి నుంచి కట్టాలి.

ఆ భర్త ఈ టీచరు కంటే ముందే చనిపోయి ఉంటే? అప్పుడు రెండవ వరుస. భర్త వారసులంటే అతని తల్లి, అతనికి రెండవ సంబంధంలో పుట్టిన పిల్లలు. టీచరు తల్లికి, చెల్లెలికి అప్పుడు కూడా రూపాయి రాదు. విడాకుల డిక్రీ చేతిలో ఉంటే కథ మారుతుంది. మాజీ భర్త వారసుడు కాదు, అతని వాళ్లూ కారు. అసలు పెళ్లే చేసుకోని స్త్రీ అయితే తల్లిదండ్రుల వరుస ముందుకొస్తుంది. కాబట్టి మన దగ్గరికి వచ్చే స్త్రీతో ఈ విషయం మాట్లాడేటప్పుడు మొదట అడగవలసింది ఎంత డబ్బు ఉందని కాదు. పెళ్లయిందా, విడాకుల డిక్రీ వచ్చిందా, పిల్లలున్నారా, తల్లి ఉన్నదా అని. పెద్దమనుషుల ముందు రాసుకున్న తెగతెంపుల కాగితాన్ని విడాకులని చాలామంది నమ్ముతారు. కులాచారంగా విడాకులు చెల్లుబాటయ్యే చోట్ల, ఆ ఆచారాన్ని కోర్టులో రుజువు చేస్తే తప్ప ఆ కాగితం నిలవదు.

ఈ ముడి విప్పే సాధనం వీలునామా. అదే చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం హిందూ స్త్రీ తన ఆస్తిని తనకిష్టమైన వారికి రాసివ్వవచ్చు. భర్త అనుమతి అక్కర్లేదు, అతనికి చెప్పవలసిన అవసరమూ లేదు. స్టాంపు కాగితం అవసరం లేదు, తెల్ల కాగితం చాలు. తెలుగులోనే రాయవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చట్టం పట్టుబట్టేది సంతకం దగ్గర. రాసిన స్త్రీ సంతకం పెట్టడం కనీసం ఇద్దరు సాక్షులు చూడాలి, లేదా ఆ సంతకం తనదేనని ఆమె వారికి స్వయంగా చెప్పాలి. ఆ ఇద్దరూ ఆమె ఎదుటే సంతకాలు చేయాలి. ఈ ఒక్కటి తప్పితే మిగతాదంతా ఎంత బాగా రాసినా వ్యర్థం. బ్యాంకు నామినేషన్ ఫారాన్ని వీలునామాగా చూపించలేకపోవడానికి కారణం కూడా ఇదే: అది వీలునామాకు చట్టం చెప్పిన పద్ధతిలో రాసింది కాదు.

సాక్షులను ఎన్నుకోవడంలో తొందర పనికిరాదు. రేపు కోర్టులో వివాదం వస్తే ఆ ఇద్దరిలో కనీసం ఒకరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. కాబట్టి మనకంటే వయసులో చిన్నవాళ్లు, ఊళ్లో స్థిరంగా ఉండేవాళ్లు, చిరునామా తెలిసినవాళ్లు కావాలి. ఆస్తి పొందే మనిషి గాని, వారి భర్త లేదా భార్య గాని సాక్షిగా ఉండకూడదు. చెల్లెలికి రాస్తూ చెల్లెలి భర్తతో సంతకం పెట్టిస్తే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. వీలునామాను రాయించడంలో, కాగితం సిద్ధం చేయడంలో కూడా లాభం పొందే మనిషి ముందుండకపోవడం మంచిది. చదువుకున్న స్త్రీ వేలిముద్ర వేసి ఉండటం, కొట్టివేతల పక్కన సంతకం లేకపోవడం, ఆస్పత్రి మంచం మీద హడావుడిగా రాయడం వంటివి కోర్టులో అనుమానాలకు తావిస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాసుకుంటే వీటిలో చాలావరకు తలెత్తవు.

పెట్టుబడుల సంగతి రాసేటప్పుడు ఇంకొక చిక్కు వస్తుంది. ఇల్లు, పొలం ఉన్నచోటే ఉంటాయి. డిపాజిట్లు అలా ఉండవు. ఏడాదికో, మూడేళ్లకో గడువు తీరి కొత్త నంబరుతో కొత్త రసీదు వస్తుంది. బీమా పాలసీ గడువు తీరి ఆ సొమ్ము మ్యూచువల్ ఫండ్‌లోకి పోవచ్చు. వీలునామాలో కేవలం ఫలానా నంబరు డిపాజిట్ అని రాస్తే, చనిపోయేనాటికి ఆ నంబరు డిపాజిట్ లేకపోవచ్చు. దాని స్థానంలో వచ్చిన కొత్త డిపాజిట్ వీలునామా కిందికి రాదని వాదించడానికి సందు దొరుకుతుంది. అందుకని ఆస్తిని రకం పేరుతో చెప్పి, ఇప్పుడున్నవి, మారినవి, కొత్తగా చేరినవి అన్నీ కలిసేలా రాయాలి. మొత్తాలు రాయకుండా వాటాలు రాయాలి. మన టీచరు ఇలా రాసుకోవచ్చు:

"నా పేరున ఉన్న బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు పొదుపు, బీమా పాలసీల మీద వచ్చే సొమ్ము, మ్యూచువల్ ఫండ్ యూనిట్లు, నా ఉద్యోగానికి సంబంధించి రావలసిన బకాయిలు, ఇవి ఇప్పుడున్నవైనా, మార్చి తిరిగి పెట్టినవైనా, నేను చనిపోయేనాటికి కొత్తగా చేరినవైనా, అన్నింటిలో సగం నా తల్లికి, సగం నా చెల్లెలికి చెందాలి. నా తల్లి నాకంటే ముందు చనిపోతే ఆమె వాటా కూడా నా చెల్లెలికి, నా చెల్లెలు నాకంటే ముందు చనిపోతే ఆమె వాటా ఆమె కూతురికి చెందాలి. వీటిలో దేనికి ఎవరిని నామినీగా రాసి ఉన్నా, ఆ నామినీ డబ్బు తీసుకుని ఈ వీలునామా ప్రకారం అప్పగించాలి. ఇందులో పేరు చెప్పని ఆస్తి ఏదైనా ఉంటే అది నా చెల్లెలికి, ఆమె లేకపోతే ఆమె కూతురికి చెందాలి."

ఇందులో ప్రతి మనిషి పూర్తి పేరు, వయసు, చుట్టరికం, చిరునామా చేర్చాలి. "ముందు చనిపోతే" అన్న వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకుండా చెల్లెలు ముందే చనిపోతే ఆమెకు రాసిన వాటా రద్దయిపోతుంది. మిగిలిన ఆస్తి ఎవరిదో చెప్పే చివరి వాక్యం కూడా లేకపోతే ఆ వాటా మళ్లీ 15వ సెక్షన్ వరుసలోకి, అంటే భర్త దగ్గరికి, జారిపోతుంది. వీలునామా రాసి కూడా ఓడిపోవడమంటే ఇదే. ఖాతాల నంబర్ల జాబితా వేరే కాగితం మీద రాసి, ఏడాదికోసారి సరిచూసుకుంటే చాలు. వీలునామాను ముట్టుకోనక్కర్లేదు. దాన్ని అమలు చేసే బాధ్యత ఎవరిదో కూడా రాసి, అసలు కాగితం ఎక్కడ ఉందో ఆ మనిషికి చెప్పి ఉంచాలి.

వీలునామా రాశాక నామినీ పేరు తీసేయాలా అని అడుగుతారు. తీసేయకూడదు. నామినీ లేకపోతే డబ్బు బయటికి రావడానికే నెలలు పట్టవచ్చు, కొన్నిచోట్ల కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం అడుగుతారు. ఎవరికి చెందాలని వీలునామాలో రాశామో వారినే నామినీలుగా కూడా పెట్టడం అన్నింటికన్నా సులువు. 2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు, ఎవరికెంత శాతమో చెబుతూ నామినీలుగా రాయవచ్చు. ఆ శాతాలను వీలునామాలోని వాటాలతో సరిపెట్టుకోవాలి. ఫారంలో రాసిన శాతం కూడా డబ్బు అందుకునే వాటాయే గాని సొంతదారు వాటా కాదన్నది మరవకూడదు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, భర్త వైపు నుంచి వివాదం వస్తుందని తెలిసినప్పుడు చేయించుకోవడమే మేలు. సబ్ రిజిస్ట్రార్ ఎదుట ఆమె స్వయంగా హాజరైన రుజువు మిగులుతుంది. కదలలేని మనిషయితే ఇంటికి వచ్చి రిజిస్టరు చేసే వీలు కూడా చట్టంలో ఉంది. లాయరు ఫీజు ఇచ్చుకోలేమని వెనుకాడనక్కర్లేదు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇక్కడ చెప్పిన వరుస అందరికీ ఒకటే కాదు. ముస్లిం స్త్రీ సాధారణంగా తన ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాయలేదు. అది దాటాలంటే వారసుల సమ్మతి కావాలి. క్రైస్తవ స్త్రీలకు వారసత్వ వరుస వేరు. మన జిల్లాల లంబాడా, కోయ స్త్రీలకు, షెడ్యూల్డ్ తెగలు కాబట్టి, హిందూ వారసత్వ చట్టం దానంతటది వర్తించదు. వారి విషయంలో ఆచారం ఏమిటో చూడాలి. మన కార్యకర్తలు ఒకరికి చెప్పిన సలహానే తండాలో ఇంకొకరికి అప్పగించకుండా, ముందు ఏ చట్టం వర్తిస్తుందో లాయరును అడిగి తెలుసుకోవాలి.

15వ సెక్షన్‌ను మార్చాలని లా కమిషన్ 2008లోనే తన 207వ నివేదికలో సిఫారసు చేసింది. మార్పు రాలేదు. ఈ సెక్షన్ మీద వచ్చిన ఒక పిటిషన్ విచారణలో 2025 నవంబరులో సుప్రీంకోర్టు సెక్షన్‌ను కొట్టివేయలేదు. స్త్రీలందరూ, ముఖ్యంగా హిందూ స్త్రీలు, వెంటనే వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. చట్టం అన్యాయంగా ఉంది కాబట్టి స్త్రీలే జాగ్రత్త పడాలని చెప్పడం న్యాయం కాదు. ఈ సెక్షన్ మారాలని అడగడం మనం మానుకోకూడదు. కానీ అది మారేలోగా ఈ ఊళ్లలో చనిపోయే ఒంటరి స్త్రీల డబ్బు పాత వరుసలోనే నడుస్తుంది. కనుక వచ్చే మూడు నెలల్లో ప్రతి సంఘమూ తమ సమావేశంలో ఒక పూట దీనికి కేటాయించాలని కోరుతున్నాను. భర్తకు దూరంగా ఉంటూ విడాకులు తీసుకోని సభ్యురాళ్లతో మొదలు పెట్టండి. ఎక్కువ నష్టపోయేది వాళ్లే.